కార్డు బిల్లులు 12.40 లక్షలు, ఫండ్ల కొనుగోళ్లు 18 లక్షలు: 148ఏ నోటీసుకు డబ్బు ఎక్కడిదో ఎలా చూపాలి?

ఉండి కాలువగట్టు (మార్చి 9, రాత్రి 9:40)

అందరికీ నమస్కారం. నేను భీమవరం దగ్గర ఒక రైసు మిల్లులో పద్దులు రాస్తాను. 2021-22 ఆర్థిక సంవత్సరానికి జీతం 4,56,000 రూపాయలు చూపి సమయానికే రిటర్ను వేశాను, పన్ను ఏమీ పడలేదు. మొన్న ఆదాయపన్ను శాఖ నుంచి 148ఏ సెక్షను కింద నోటీసు వచ్చింది. ఆ ఏడాది నా క్రెడిట్ కార్డు బిల్లులకు 12,40,000, మ్యూచువల్ ఫండ్ల కొనుగోలుకు 18,00,000 వెళ్లాయని, చూపిన ఆదాయంతో ఇది పొసగడం లేదని, కేసు ఎందుకు తిరిగి తెరవకూడదో పదిహేను రోజుల్లో చెప్పమని అందులో ఉంది.

జరిగింది దాచకుండా రాస్తున్నాను. కార్డు మీద ఎక్కువ భాగం మా బావమరిది రొయ్యల చెరువుకు కొన్న మేత. మేత అరువుకు తెస్తే బస్తాకు ఎక్కువ వేస్తారని, కార్డు మీద నలభై అయిదు రోజుల గడువు దొరుకుతుందని నా కార్డు వాడుకున్నాడు, తరువాత నా ఖాతాకు డబ్బు పంపాడు. ఫండ్లలో పెట్టింది మా అమ్మ ఇచ్చిన 11 లక్షలు. అంబాజీపేట పక్కన తన పుట్టింటి వాటాగా వచ్చిన కొబ్బరితోట అమ్మి నాకు ఇచ్చింది. నేను పెట్టింది పదకొండయితే నోటీసులో పద్దెనిమిది ఎలా వచ్చిందో తెలియడం లేదు. కార్డు లెక్క కూడా నేను కూడితే 12,71,000 వస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

దాళ్వా రైతు (మార్చి 9, రాత్రి 10:15)

అన్నయ్యా, కంగారు పడకండి. అమ్మ కొడుక్కి ఇచ్చినదానికి పన్ను లేదు, తోట వ్యవసాయ భూమి కాబట్టి దానికీ పన్ను లేదు, రొయ్యల చెరువు కూడా వ్యవసాయమే కాబట్టి బావమరిది డబ్బుకూ పన్ను లేదు. ఈ మూడు ముక్కలూ రాసి, అమ్మగారి చేత 2021 తేదీతో ఒక దానపత్రం రాయించి జత చేయండి. మా పాలకొల్లులో ఒకాయనకు అలాగే సరిపోయింది.

తణుకు పద్దులు (మార్చి 9, రాత్రి 11:30)

దాళ్వా రైతు గారు చెప్పిన మూడింటిలో మొదటి రెండూ చాలావరకు నిజమే కానీ, మూడోది తప్పు, ఆ దానపత్రం సలహా ప్రమాదం. ఈనాడు కొన్న స్టాంపు కాగితం మీద 2021 తేదీ వేస్తే, స్టాంపు వెండరు అమ్మిన తేదీ దాని వెనకే ఉంటుంది. ఒక్క దొంగ కాగితంతో మిగిలిన నిజమైన కాగితాలన్నీ అనుమానంలో పడతాయి. అమ్మగారు ఈనాటి తేదీతోనే, ‘2021లో నా ఖాతా నుంచి ఫలానా రోజున ఇంత మొత్తం మా అబ్బాయికి తిరిగి ఇవ్వనక్కరలేకుండా ఇచ్చాను’ అని ధ్రువీకరణ రాసి ఇస్తే చాలు. ఇచ్చిన రోజున కాగితం రాయలేదన్నంత మాత్రాన దానం చెల్లకుండా పోదు.

కాలువగట్టు గారూ, మీ రెండు ప్రశ్నలకు ముందు సమాధానం చెబుతాను, ఎందుకంటే శాఖకు వచ్చిన అంకె ఏమిటో తెలియకుండా జవాబు రాయడం మొదలుపెట్టకూడదు. ఏడాదిలో ఒకరి కార్డు బిల్లులకు నగదుగా లక్ష, లేదా ఇతర మార్గాల్లో పది లక్షలు, ఆపైన కడితే బ్యాంకు ఆ వివరం శాఖకు పంపుతుంది. అయితే పంపేది మీరు కార్డు మీద కొన్నది కాదు, బిల్లుకు కట్టినది. 2021 మార్చిలో కొని ఏప్రిల్‌లో కట్టినవి ఈ ఏడాదిలో పడతాయి, 2022 మార్చిలో కొన్నవి పడవు. మీకు 12,71,000 రావడానికి కారణం అదే అయి ఉంటుంది. కొనుగోళ్లు వదిలేసి, ఖాతాలోంచి కార్డుకు వెళ్లిన చెల్లింపులను తేదీలవారీగా కూడండి.

ఫండ్ల విషయంలోనూ ఒక ఫండు సంస్థ యూనిట్లు ఏడాదిలో పది లక్షలు, ఆపైన కొంటే వివరం వెళుతుంది. అక్కడ లెక్కించేది మొత్తం కొనుగోళ్లు, అమ్మినవి అందులోంచి తీసివేయరు. ఒక పథకం నుంచి మరో పథకానికి నేరుగా మార్చితే అది కొనుగోలుగా లెక్కకు రాదు. అమ్మి డబ్బు బ్యాంకుకు తెచ్చుకుని మళ్లీ కొంటే మాత్రం అదే రూపాయి రెండోసారి కొనుగోలుగా కనపడుతుంది. మీరు ఆ ఏడాది మధ్యలో ఏదైనా అమ్మి మళ్లీ కొన్నారా? ఆదాయపన్ను పోర్టల్‌లో, మీ గురించి శాఖకు చేరిన వివరాలన్నీ ఉండే AIS పట్టీ తెరిస్తే SFT-006 కింద కార్డు చెల్లింపులు, SFT-010 కింద ఫండ్లు, పంపినవారి పేరుతో సహా ఉంటాయి. అది దింపుకుని, ఫండు సంస్థ ఇచ్చే లావాదేవీల పట్టీ పక్కన పెట్టి చూడండి.

అమలాపురం మాస్టారు (మార్చి 10, ఉదయం 6:50)

నాకు కూడా ఇలాగే కార్డు గురించి పోయినేడు మెసేజీ వచ్చింది. హైదరాబాదులో ఉన్న మా అబ్బాయికి నా కార్డు మీద అదనపు కార్డు తీసి ఇచ్చాను, ఖర్చంతా వాడిదే. అందుచేత పోర్టల్‌లో ‘ఈ సమాచారం వేరొకరి పాన్‌కు చెందినది’ అని నొక్కి ఊరుకున్నాను. మీరూ అలాగే బావమరిది పాన్ వేసి వదిలించుకోవచ్చు కదా?

తణుకు పద్దులు (మార్చి 10, ఉదయం 7:35)

మాస్టారూ, మీకు వచ్చింది అవగాహన కోసం పంపే మెసేజీ, వీరికి వచ్చింది చట్టపరమైన నోటీసు. ఆ రెండింటికీ ఒకే మందు పనిచేయదు. పైగా మీరు నొక్కిన జవాబు సరైనది కాదని నా అభిప్రాయం. అదనపు కార్డు మీద మీ అబ్బాయి గీసినా బిల్లు మీ పేరునే వస్తుంది, కట్టవలసిన బాధ్యత మీదే. సమాచారం సరైనదే, డబ్బు మాత్రం మా అబ్బాయి పంపాడని చెప్పి వాడి బదిలీలు చూపడం సబబు. వేరొకరిదని నొక్కితే బ్యాంకును మళ్లీ అడుగుతారు, బ్యాంకు మీ పేరే చెబుతుంది.

ఉండి కాలువగట్టు (మార్చి 10, రాత్రి 8:55)

తణుకు పద్దులు గారూ, మీరు చెప్పినట్టే ఉంది. జూలై 13న 11 లక్షలు లిక్విడ్ ఫండులో పెట్టాను. అందులో 7,00,000 పెట్టి కొన్న యూనిట్లు అక్టోబరులో అమ్మితే 25వ తేదీన 7,05,600 ఖాతాకు వచ్చింది, 27న అదే సంస్థవారి ఈక్విటీ ఫండులో 7,00,000 పెట్టాను. పదకొండూ ఏడూ పద్దెనిమిది. కార్డు చెల్లింపులు కూడితే పైసాతో సహా 12,40,000 వచ్చాయి. అందులో మేతకు 9,85,000, మా ఇంటి ఖర్చు 2,55,000. బావమరిది బదిలీలు మాత్రం 9,60,000 వరకే కనపడుతున్నాయి, మిగిలిన 25,000 చేతికి ఇచ్చాడు.

తణుకు పద్దులు (మార్చి 10, రాత్రి 10:20)

18 లక్షల్లో 7 లక్షలు ఆ ఒక్క వాక్యంతో తేలిపోయాయి. కానీ ఆ 5,600 మాటేమిటి? అది ఏడాదిలోపు అమ్మగా వచ్చిన లాభం, మీ రిటర్నులో లేదు, మీరు వేసిన ఐటీఆర్-1లో దాన్ని చూపే వీలు కూడా లేదు. కలిపినా మీ ఆదాయం అయిదు లక్షల లోపే కాబట్టి రిబేటు పోను పన్ను పడదు. అయినా జవాబులో దాన్ని మీరే ముందుగా చెప్పండి. అమ్మకాన్ని మనమే సాక్ష్యంగా చూపుతూ దాని మీద లాభాన్ని దాచడం కుదరదు.

ఇక అసలు పని. చాలామంది జవాబులో ‘నాకు ఇంత జీతం, అమ్మ ఇంత ఇచ్చింది, బావమరిది ఇంత ఇచ్చాడు, మొత్తం సరిపోయింది’ అని ఏడాది మొత్తాలు రాస్తారు. అధికారి చూసేది అది కాదు. ప్రతి పెద్ద చెల్లింపుకూ ఆ రోజు ఉదయం ఖాతాలో ఎంత ఉంది, ఆ నిల్వ ఏ జమ వల్ల వచ్చింది అన్నది ఆయనకు కావాలి. ఏడాది చివర సరిపోయిన లెక్క నవంబరులో సరిపోకపోవచ్చు. కాబట్టి నాలుగు గడుల పట్టిక గీయండి: చెల్లింపు తేదీ, మొత్తం, దానికి ముందు పడిన జమ, ఆ జమ ఎవరి నుంచి. ప్రతి వరుసకూ బ్యాంకు స్టేట్‌మెంటు పేజీ సంఖ్య వేయండి. మీరు పద్దులు రాసే మనిషి, ఒక ఆదివారం పని.

రొయ్యల చెరువు (మార్చి 11, మధ్యాహ్నం 1:10)

నాది కాళ్ల మండలం. ఒక మాట అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. ఈ పట్టికలో ఆ బావమరిది పేరు, పాన్, తొమ్మిది లక్షల మేత కొనుగోలు అన్నీ రాస్తారు కదా, అప్పుడు ఆయన గతేమిటి? ఆక్వా వ్యవసాయం కాదని మీరంటున్నారు. కరెంటు దగ్గర ఆక్వా రైతులం, బ్యాంకు దగ్గర ఆక్వా రైతులం, పన్ను దగ్గరకొచ్చేసరికి వ్యాపారులమా?

తణుకు పద్దులు (మార్చి 11, సాయంత్రం 6:45)

మీ బాధ న్యాయమైనదే, చట్టం మాట మాత్రం వేరు. భూమిని దున్ని, నాటి, కోస్తేనే అది పన్ను లేని వ్యవసాయ ఆదాయం. చేపలూ రొయ్యలూ పెంచడం వ్యాపారం కిందకే వస్తుంది. ఇంకో సంగతి మన డెల్టాలో చాలామందికి తెలియదు: చేను చెరువుగా తవ్వించి కౌలుకు ఇస్తే, ఆ కౌలు కూడా వ్యవసాయ ఆదాయం కాదు, ఎందుకంటే ఆ భూమిలో వ్యవసాయం జరగడం లేదు. పక్కపక్కనే ఉన్న రెండు ఎకరాల్లో వరి చేను మక్తాకు పన్ను ఉండదు, రొయ్యల చెరువు కౌలుకు ఉంటుంది.

బావమరిది గారికి దారి లేకపోలేదు. అమ్మకం రెండు కోట్ల లోపయితే, బ్యాంకు ద్వారా వచ్చినదాని మీద ఆరు శాతం, నగదు మీద ఎనిమిది శాతం లాభంగా చూపి పద్దులు లేకుండానే రిటర్ను వేయవచ్చు. ఆ లెక్కన రొయ్యల పట్టుబడికి పాతిక లక్షలు వచ్చినా చూపవలసిన లాభం రెండు లక్షలకు మించదు. రిటర్ను వేయకపోవడమే ఆయన చిక్కు, పన్ను కాదు. అయితే ఆయనను కాపాడాలని కాలువగట్టు గారు ఈ 9,60,000ను ‘చేబదులు’ అనో మరొకటనో రాస్తే, మేత బిల్లులూ కార్డు స్లిప్పులూ వేరే కథ చెబుతాయి.

దాళ్వా రైతు (మార్చి 11, రాత్రి 8:30)

చెరువు కౌలు సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. మా నాన్నగారు మూడేళ్లుగా రెండెకరాలు చెరువుకు ఇచ్చి వ్యవసాయం కిందే చూపుతున్నారు. దాని గురించి విడిగా అడుగుతాను.

ఉండి కాలువగట్టు (మార్చి 15, రాత్రి 9:05)

పట్టిక వేశాను. ఒకచోట ఆగిపోయాను. నవంబరు 5న కార్డుకు 2,10,000 కట్టాను. బావమరిది డబ్బు వచ్చింది 19న. నవంబరు 1న నా నిల్వ 38,000 మాత్రమే. రెండు గంటలు తల పట్టుకున్నాక, 3వ తేదీన 1,80,000 జమ కనపడింది. మా ఆవిడ నగలు సొసైటీలో తాకట్టు పెట్టి తెచ్చిన బంగారం అప్పు అది. బావమరిది పంపాక 22న విడిపించాం. పూర్తిగా మరచిపోయాను. ఈ వరుస లేకుండా జవాబు పంపి ఉంటే నేనే చిక్కుకునేవాణ్ని.

ఇప్పుడు ఇబ్బంది పడుతూ అసలు సంగతి చెబుతున్నాను. అమ్మ ఖాతాలో వరుస ఇలా ఉంది. జూలై 7న రిజిస్ట్రేషను, కొన్నవారి నుంచి 8,50,000 బ్యాంకు ద్వారా వచ్చింది, దస్తావేజులో ఉన్నది అదే. జూలై 8న 2,50,000 నగదు జమ. 12న నాకు 11 లక్షల బదిలీ. ఆ నగదు కూడా తోట డబ్బే, దస్తావేజు మీద రాయకుండా ఇచ్చినది.

దాళ్వా రైతు (మార్చి 15, రాత్రి 9:40)

అమ్మగారికి వరి చేను కూడా ఉంటే ఆ నగదు ధాన్యం డబ్బని రాస్తే పోతుంది కదండీ.

ఉండి కాలువగట్టు (మార్చి 15, రాత్రి 9:52)

ఎకరంన్నర ఉంది, కౌలుకు ఇచ్చాం. సార్వా, దాళ్వా కలిపి ఎకరానికి ఏడాదికి 28 బస్తాల మక్తా.

తణుకు పద్దులు (మార్చి 15, రాత్రి 11:10)

అయితే లెక్క వేద్దాం. ఏడాదికి 42 బస్తాలు. 2021-22లో సాధారణ రకం ధాన్యం మద్దతు ధర క్వింటాలు 1,940, అంటే 75 కిలోల బస్తా 1,455. మొత్తం 61,110 రూపాయలు. రెండున్నర లక్షలు కావాలంటే నాలుగేళ్లకు పైబడిన మక్తా రూపాయి ఖర్చు పెట్టకుండా ఇంట్లో దాచి, సరిగ్గా రిజిస్ట్రేషను మరునాడు బ్యాంకులో వేసి ఉండాలి. ఏ అధికారీ నమ్మడు. అన్నిటికీ మించి అది నిజం కాదు.

మీ చేతికి వచ్చేసరికి అది అమ్మ ఖాతా నుంచి వచ్చిన దానమే. కానీ దానం అన్నప్పుడు ఇచ్చిన మనిషి ఎవరు, ఇచ్చే స్తోమతు ఉందా, నిజంగా ఇచ్చారా అన్న మూడూ మీరే చూపాలి. బదిలీకి నాలుగు రోజుల ముందు పడిన నగదు జమ స్తోమతు మీదనే ప్రశ్న వేయిస్తుంది. 8,50,000 వరకు దస్తావేజు, అడంగలు, బ్యాంకు పుస్తకం గట్టిగా నిలబడతాయి. తోట ఉన్న ఊరు అమలాపురం మున్సిపాలిటీ హద్దుకు రెండు కిలోమీటర్ల అవతల ఉంది కాబట్టి ఆ అమ్మకం మీద లాభానికీ పన్ను లేదు, తహసీల్దారు ఆఫీసు నుంచి దూరం ధ్రువపత్రం తీసుకోండి. ఆ రెండున్నర లక్షలు నిలబడకపోతే, దాని మీద సర్‌చార్జీ, సెస్సు కలిపి 78 శాతం పన్ను, అంటే 1,95,000 పడే అవకాశం ఉంది, జరిమానా వేరు. మొత్తం 30,40,000 మీద 23 లక్షలు దాటే పన్నును ఆ ఒక్క ముక్కకు కుదించడమే ఇప్పుడు మనం చేయగలిగింది.

నా సలహా అయితే, ఉన్నది ఉన్నట్టు తోట డబ్బేనని రాయడం.

కాకినాడ కోర్టుగుమ్మం (మార్చి 16, ఉదయం 8:20)

నేను వకీలుని, తణుకు పద్దులు గారితో దాదాపు అన్నిటా ఏకీభవిస్తున్నాను, ఆఖరి వాక్యం తప్ప. స్థిరాస్తి అమ్మకంలో ఇరవై వేలు, ఆపైన నగదు తీసుకోవడం 269ఎస్ఎస్ సెక్షను నిషేధిస్తుంది, తీసుకున్నవారికి అంతే మొత్తం జరిమానా పడవచ్చు. కొడుకు తన జవాబులో అది రాస్తే తల్లి మీద 2,50,000 జరిమానాకు తానే కాగితం ఇచ్చినట్టవుతుంది. ఇద్దరూ వ్యవసాయ ఆదాయం ఉన్నవారై, ఎవరికీ పన్ను పడే ఆదాయం లేకపోతే మినహాయింపు ఉంది. కొన్నది ఎవరు?

148ఏ దశలో ప్రశ్న పరిమితమైనది: ఆదాయం తప్పిపోయిందని ఈ సమాచారం సూచిస్తోందా లేదా అన్నదే. ఈ జవాబులో అమ్మగారి బ్యాంకు పుస్తకం పూర్తిగా జతచేసి, బదిలీని చూపి, నగదు జమకు కథ కల్పించకుండా ఆగాలని నా మాట. అడిగినప్పుడు అమ్మగారే తన తరఫున చెబుతారు. దాచడం వేరు, అడగనిదానికి ముందే జవాబు రాయడం వేరు.

తణుకు పద్దులు (మార్చి 16, మధ్యాహ్నం 2:15)

వకీలు గారూ, బ్యాంకు పుస్తకంలో ఆ జమ కంటికి కనపడుతూనే ఉంటుంది. దానికి వివరణ లేని జవాబు చూసి ‘ఇది విచారించదగిన కేసు’ అని రాసేయడం అధికారికి చాలా సులభం. జరిమానా భయం నిజమే, ఒప్పుకుంటాను. కేసు తెరిపించుకోవడం దానికన్నా మేలని మాత్రం నాకు తోచదు.

ఉండి కాలువగట్టు (మార్చి 16, రాత్రి 9:30)

కొన్నాయన బ్యాంకు ఉద్యోగి, కాబట్టి ఆ మినహాయింపు మాకు వర్తించదు. అమ్మను అడిగితే ‘నా డబ్బు నేనిచ్చాను, ఎవరడిగినా చెబుతాను’ అంటోంది. జరిమానా సంగతి ఇంకా చెప్పలేదు.

రొయ్యల చెరువు (మార్చి 17, ఉదయం 7:05)

అమ్మగారికి చెప్పకుండా ఏ కాగితం మీదా సంతకం పెట్టించకండి బాబూ. అదొక్కటే నా మాట.

ఉండి కాలువగట్టు (మార్చి 23, రాత్రి 10:45)

ఈ సాయంత్రం జవాబు పంపాను. ముందుగా నోటీసు నిజమైనదేనా అని, దాని మీది గుర్తింపు సంఖ్య అయిన డీఐఎన్‌ను పోర్టల్‌లో సరిచూసుకున్నాను. e-Proceedings లోకి వెళ్లి, రెండు పేజీల ఉత్తరం, మూడు పేజీల పట్టిక, నా ఖాతా, అమ్మ ఖాతా స్టేట్‌మెంట్లు, దస్తావేజు, మేత బిల్లులు, సొసైటీ అప్పు రసీదు, ఫండు సంస్థ పట్టీ జతచేశాను. పంపాక మార్చడానికి ఉండదన్నారని ప్రతి పీడీఎఫ్ తెరిచి చూసుకున్నాను. దస్తావేజు మూడో పేజీ తలకిందులుగా స్కాను అయితే మళ్లీ తీయించాను.

ఉత్తరంలో 7 లక్షలు రెండోసారి లెక్కకు వచ్చాయని, 5,600 లాభం రిటర్నులో చూపలేదని, బావమరిది చేతికిచ్చిన 25,000కు బ్యాంకు ఆధారం లేదని, అంతవరకు నా జీతంలోంచే కట్టినట్టు తీసుకోవచ్చని రాశాను. బావమరిది మొదట సంతకం పెట్టనన్నాడు. భీమవరంలో ఒక పన్నుల గుమాస్తా దగ్గర కూర్చోబెట్టి అతని లెక్క వేయిస్తే, నిన్న వచ్చి ధ్రువీకరణ ఇచ్చి వెళ్లాడు. మాట్లాడలేదు, కాఫీ మాత్రం తాగాడు.

అమ్మకు జరిమానా సంగతి పూర్తిగా చెప్పాను. ఆమె ధ్రువీకరణలో బదిలీ గురించి, 8,50,000 గురించి రాసింది. నగదు జమ దగ్గరకు వచ్చేసరికి, ‘ఇది నా స్వంత సొమ్ము, దీని వివరం నన్ను అడిగితే నేను చెబుతాను’ అని తానే చెప్పి రాయించింది. తణుకు పద్దులు గారికి ఇది నచ్చదని తెలుసు.

తణుకు పద్దులు (మార్చి 24, ఉదయం 6:30)

నచ్చడం నచ్చకపోవడం కాదండీ, ఆ వాక్యం చూసి అధికారి ఏమనుకుంటాడో నాకు తెలియదు. 148ఏ ఉత్తర్వు రాగానే అందులో ఆ పేరా గురించి ఏం రాశారో ఇక్కడ పెట్టండి. ఈలోగా అమ్మగారి పాన్ మీద ఏదైనా నోటీసు వచ్చిందేమో వారానికోసారి ఆమె పోర్టల్ తెరిచి చూస్తూ ఉండండి. పెద్దవాళ్ల ఈమెయిల్ ఎవరూ చూడరు, గడువు అక్కడే దాటిపోతుంది.